తప్పు జవాబు నుంచి వెనక్కి: వర్గ సమీకరణాల ఆన్సర్ కీ ఒకటి ఎలా తయారైంది

నేపథ్యం

బెంగళూరు తూర్పు వైపు, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఒక పేటలో నడిచే చిన్న ట్యూషన్ సెంటర్ విషయం ఇది. పదో తరగతి పిల్లలే ఎక్కువ. కొందరిది సీబీఎస్‌ఈ, కొందరిది కర్ణాటక స్టేట్ సిలబస్. వర్గ సమీకరణాల అధ్యాయం రెండింటిలో దాదాపు ఒకటే కాబట్టి అందరికీ ఒకే ప్రాక్టీస్ షీట్ ఇస్తారు. క్లాసు తీసుకునే ఆవిడను పిల్లలంతా ఆంటీ అంటారు. సాయంత్రాలు ఒక ఇంజినీరింగ్ అమ్మాయి వచ్చి నోట్సులు దిద్దుతుంది. నేను లెక్కలు చెబుతూ, ఇలాంటి సెంటర్లకు షీట్లు, ఆన్సర్ కీలు రాసిపెడుతుంటాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు ఇక్కడ తీసేశాను. లెక్కలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవాల్సింది ఆ అంకెల్లోనే ఉంది.

సమస్య ఏమిటని వచ్చారు

షీట్‌లో ఇరవై లెక్కలు. వాటి కీ అరపేజీ: లెక్క నంబరు, పక్కన చివరి జవాబు, అంతే. ఆంటీ చెప్పింది ఇది: "ఇంట్లో చేసి తెచ్చినప్పుడు నోట్సు నిండా టిక్కులే ఉంటాయి సార్. టెస్టు పెడితే మళ్లీ పాత తప్పులే. మీరు స్టెప్పులన్నీ ఉన్న కీ ఒకటి రాసిస్తే బాగుంటుంది." తల్లిదండ్రుల మాట ఇంకొకటి. జవాబు తప్పని కీ చూస్తే తెలుస్తోంది, ఎక్కడ తప్పిందో తెలియడం లేదు అని.

వాళ్లు అడిగింది స్టెప్పులు. నేను ముందు దిద్దిన నోట్సులు చూపించమన్నాను. కీ పనిచేయడం లేదంటే అది దేన్ని పట్టుకోలేకపోతోందో ముందు చూడాలి. ఆ నోట్సుల్లో ఒకచోట ఆగిపోయాను. లెక్క ఇది:

(6 − x)(x − 1) = 4

ఒక అబ్బాయి ఇలా చేశాడు: 6 − x = 4, కాబట్టి x = 2. x − 1 = 4, కాబట్టి x = 5. కీలో కూడా 2, 5 అనే ఉంది. టిక్ పడింది. దాని కిందే (x − 2)(x − 3) = 12 అనే లెక్క. అదే పద్ధతిలో చేశాడు, 14, 15 వచ్చాయి. దానికి ఇంటూ పెట్టి, పక్కన ఎర్ర ఇంకుతో 6, −1 అని రాశారు. దిద్దే అమ్మాయి ఇలా ఎందుకు చేశావని అడిగితే వాడు చెప్పిన మాట: "పైదానికి టిక్ పెట్టావు కదక్కా, ఇది కూడా అలాగే చేశాను."

వాడి మాటలో తర్కం ఉంది. రెండు కారణాంకాల లబ్ధం సున్నా అయితే వాటిలో ఒకటి సున్నా కావాలి. కానీ లబ్ధం 4 అయితే ఏదో ఒకటి 4 కావాలని ఏమీ లేదు. 8, ½ కావచ్చు, 2, 2 కావచ్చు, −1, −4 కావచ్చు. అంటే వాడు వాడిన పద్ధతి పూర్తిగా తప్పు. అయినా ఆ లెక్కలో జవాబు సరిగ్గా వచ్చింది. x = 2 దగ్గర మొదటి కారణాంకం 4, రెండోది 1. x = 5 దగ్గర మొదటిది 1, రెండోది 4. రెండు మూలాల దగ్గరా ఒక కారణాంకం 1 అవుతోంది కాబట్టి రెండోదాన్ని 4 చేసినా నష్టం లేకుండా పోయింది. అంకెలు అలా కుదిరిన లెక్క అది. అలాంటి లెక్క షీట్‌లో ఉంటే, చివరి జవాబు మాత్రమే ఉన్న కీ ఆ తప్పు పద్ధతికి టిక్ పెట్టి మరీ నేర్పిస్తుంది.

కాబట్టి సమస్య స్టెప్పులు లేకపోవడం ఒక్కటే కాదు. తప్పుడు ఆలోచనను ఆ లెక్క బయటపెడుతుందా, దాచిపెడుతుందా అన్నది కూడా చూడాలి.

మొదట చేసినది, అది ఎందుకు సరిపోలేదు

అయినా వాళ్లు అడిగినదానితోనే మొదలుపెట్టాం. ఇరవై లెక్కలకూ పూర్తి సాధన రాశాం. బోర్డు పేపర్లు దిద్దేటప్పుడు స్టెప్పులకు మార్కులు ఉంటాయి కాబట్టి, ఏ లైనుకు మార్కు వస్తుందో ఆ లైను పక్కన గుర్తు పెట్టాం. ప్రామాణిక రూపంలో రాయడం, మధ్య పదం విడదీయడం, కారణాంకాలు, మూలాలు, ఇలా వరసగా. షీట్ చివర "సాధారణంగా జరిగే తప్పులు" అని ఒక పేజీ పెట్టాం. గుర్తులు చూసుకోండి, 2a కింద మొత్తం రావాలి, రెండు మూలాలూ రాయండి, అలాంటి సూచనలు.

దిద్దే అమ్మాయికి ఇది బాగా ఉపయోగపడింది. పిల్లలకు పడలేదు. రెండు కారణాలు కనిపించాయి.

ఒకటి, జవాబు తప్పిన పిల్లలు సాధనను పై నుంచి కిందికి చదివి, "ఆ, తెలిసింది" అనుకుని, దాన్ని తమ నోట్సులోకి ఎక్కించుకున్నారు. సరైన సాధన చదువుతుంటే ప్రతి లైనూ సబబుగానే ఉంటుంది. తన లైను ఎక్కడ విడిపోయిందో అది చెప్పదు, ఎందుకంటే తన లైను అందులో లేదు. 6 − x = 4 అని రాసిన పిల్లవాడు కీలో 6x − 6 − x² + x = 4 అనే లైను చూస్తే, అది ఇంకో పద్ధతి అనుకుంటాడు. తన పద్ధతి తప్పని అనుకోడు.

రెండు, చివరి పేజీ సూచనలు ఎవరివీ కావు. "గుర్తులు చూసుకోండి" అన్నది గుర్తు తప్పిన పిల్లవాడికీ, తప్పని పిల్లవాడికీ ఒకేలా వినిపిస్తుంది. ఆ పేజీ తీసి చూసిన వాళ్లు చాలా తక్కువ.

పిల్లవాడు కీ తెరిచే క్షణంలో వాడి చేతిలో ఉండేది ఒక్కటే, తనకొచ్చిన తప్పు జవాబు. కాబట్టి కీలో వెతుక్కోవడానికి దారి ఆ తప్పు జవాబే కావాలి. మేం పద్ధతి మార్చింది ఇక్కడే.

తప్పుగా సాధించి చూడటం

ప్రతి లెక్కనూ ముందు సరిగ్గా సాధించి, తర్వాత పిల్లలు చేసే తప్పులు ఒక్కొక్కటిగా చేస్తూ మళ్లీ సాధించాం. ఒక్కో తప్పు చివరికి ఏ జవాబు దగ్గర తేలుతుందో రాసుకున్నాం. ఏ తప్పులు చేసి చూడాలో మేం ఊహించలేదు, దిద్దిన నోట్సుల నుంచి తీసుకున్నాం. టీచర్లకు తోచే తప్పులు వేరు, పిల్లలు నిజంగా చేసే తప్పులు వేరు. ఉదాహరణకు ఒక్కో కారణాంకాన్నీ కుడివైపు అంకెకు సమానం చేసే తప్పు మా మొదటి "సాధారణ తప్పుల" పేజీలో లేనే లేదు.

ఈ పని చేస్తుంటే లెక్కల్లోని అంకెలనే మార్చాల్సి వచ్చింది. (x − 2)(x − 3) = 12 తీసుకోండి. విస్తరిస్తే x² − 5x − 6 = 0, మూలాలు 6, −1. కుడివైపు 12 ఉన్న సంగతి మరిచి, సున్నా ఉన్నట్టే చేస్తే 2, 3 వస్తాయి. ఇంకో పిల్లవాడు సరిగ్గానే విస్తరించి x² − 5x − 6 దాకా వస్తాడు, కానీ లబ్ధం −6 కావాలన్నది వదిలేసి −2, −3 అని విడదీస్తాడు. వాడికీ 2, 3 వస్తాయి. ఒకడికి సున్నా నియమం అర్థం కాలేదు, ఇంకొకడికి అది తెలుసు, విడదీయడంలో గుర్తు తప్పింది. ఇద్దరి జవాబూ ఒకటే. 2, 3 వచ్చిన పిల్లవాడికి కీ ఏం చెప్పాలి?

అంకెలు మార్చి (x − 2)(x − 4) = 15 చేశాం. విస్తరిస్తే x² − 6x − 7 = 0, మూలాలు 7, −1. 7కు కారణాంకాలు 7, 1 మాత్రమే కాబట్టి విడదీయడంలో తప్పినా 2, 4 రావు. ఇప్పుడు 2, 4 వచ్చిందంటే కుడివైపు సున్నా అనుకున్నట్టే. కీలో దాని కింద రాసింది ఇది:

17, 19 వచ్చిందా? రెండు బ్రాకెట్లనూ 15కు సమానం చేశావు. 3 × 5 కూడా 15 కదా, 30 × ½ కూడా 15 కదా. మరి ఏదో ఒకటి 15 కావాలని ఎందుకు? అన్నీ ఎడమకు తెచ్చి కుడివైపు సున్నా చేసి మొదలుపెట్టు.

2, 4 వచ్చిందా? నువ్వు సాధించింది (x − 2)(x − 4) = 0. x = 2 పెట్టి చూడు, ఎడమవైపు 15 వస్తుందా?

−7, 1 వచ్చిందా? నీ కారణాంకాల లైను చూడు. (x − 7)(x + 1) ఉంటే, x − 7 = 0 నుంచి x ఎంతో మళ్లీ రాయి. (x + 7)(x − 1) ఉంటే, విస్తరించి మధ్య పదం −6x వస్తుందో లేదో చూడు.

ఆ మూడో సూచన చూడండి. −7, 1 అనే జవాబుకు రెండు దారులు ఉన్నాయి. మూలం చదివేటప్పుడు గుర్తు తప్పినా అదే వస్తుంది, విడదీసేటప్పుడు తప్పినా అదే వస్తుంది. అంకెలు ఎలా మార్చినా ఈ రెండూ విడిపోవు. అలాంటప్పుడు కీ ఊహించి చెప్పకూడదు. పిల్లవాణ్ని తన ఫలానా లైను దగ్గరికి పంపి, అక్కడ ఏముందో చూడమనాలి.

(6 − x)(x − 1) = 4ను మాత్రం తీసేయలేదు. జంటగా మార్చాం. దాని పక్కనే (6 − x)(x − 1) = 6 పెట్టాం. ఇక్కడ సరైన మూలాలు 3, 4. తప్పు పద్ధతిలో చేస్తే 0, 7. మొదటిదానికి టిక్ వచ్చి రెండోదానికి 0, 7 వస్తే, "పైలెక్క కూడా ఇలాగే చేశావా? అక్కడ జవాబు కలిసింది అంకెల వల్ల, పద్ధతి వల్ల కాదు" అని కీ చెబుతుంది. దిద్దే అమ్మాయికి ఇచ్చిన సూచన: మొదటి లెక్కలో కుడివైపు సున్నా చేసిన లైను కనిపిస్తేనే టిక్.

ఫార్ములా లెక్క

షీట్‌లో ఎక్కువ తప్పులు వచ్చింది ఇక్కడ: 2x² − 6x + 3 = 0. విచక్షణి 36 − 24 = 12. x = (6 ± 2√3)/4, అంటే (3 ± √3)/2.

దీన్ని తప్పుగా సాధిస్తే ఏమేం వస్తాయో చూశాం. 4తో భాగించడం వర్గమూలం ఉన్న పదానికి మాత్రమే చేస్తే 6 ± √3/2 వస్తుంది. −b అన్నచోట b = −6 అని మరిచి −6 వేస్తే (−3 ± √3)/2. చివర్లో 6నూ 4నూ మాత్రమే కొట్టేసి, 2√3ను ముట్టుకోకపోతే (3 ± 2√3)/2. ఇవన్నీ వేర్వేరు జవాబులు, కాబట్టి గుర్తుపట్టడం తేలిక. "వాస్తవ మూలాలు లేవు" అని రాసిన పిల్లల దగ్గర మాత్రం ఒక ప్రశ్న అడగాలి: విచక్షణి ఎంత వచ్చింది? −60 అయితే (−6)²ను −36 అనుకున్నారు. −36 అయితే వర్గం చేయకుండా రెండుతో గుణించి −12 వేశారు.

6 ± √3/2 రాసే పిల్లలకు "మొత్తం 2a కింద రావాలి" అని చెబితే ఆ ఒక్కసారి సరిచేసుకుంటారు, తర్వాత మళ్లీ అదే. ఎందుకు మొత్తం కిందికి రావాలో వాళ్లు ఎక్కడా చూడలేదు. ఇప్పటి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో వర్గాన్ని పూర్తిచేసే పద్ధతి తీసేశారు, ఫార్ములా నేరుగా వస్తుంది. అందుకే ఈ లెక్క సాధనలో మరో దారి కూడా రాశాం. భాస్కరాచార్యుడు తన బీజగణితం అనే గ్రంథంలో శ్రీధరుడిదని చెప్పి ఇచ్చిన పద్ధతి అది. రెండువైపులా 4aతో గుణించు, b² కలుపు. ఇక్కడ 4a అంటే 8:

16x² − 48x + 24 = 0
16x² − 48x + 36 = 36 − 24
(4x − 6)² = 12
4x − 6 = ±2√3
4x = 6 ± 2√3

భిన్నాలు ఎక్కడా రావు. చివరి లైనులో xకు ముందున్న 4తో భాగించాలంటే కుడివైపు మొత్తాన్నీ భాగించక తప్పదని పిల్లలకు కంటికి కనిపిస్తుంది. ఇది ఒక్క లెక్కకే రాశాం. అన్నిటికీ రాస్తే కీ పుస్తకమై కూర్చుంటుంది, ఎవరూ చదవరు.

పిల్లలే సరిచూసుకోవడానికి, వాళ్లకు బహుపదుల అధ్యాయంలో వచ్చిన మూలాల మొత్తం, లబ్ధం వాడాం. మొత్తం −b/a, అంటే 3. లబ్ధం c/a, అంటే 3/2. వర్గమూలాలున్న జవాబును సమీకరణంలో పెట్టి చూడమంటే ఎవరూ చూడరు, ఇదైతే రెండు లైన్లలో అవుతుంది. మొదట మొత్తం ఒక్కటే చాలనుకున్నాం. 6 ± √3/2కు మొత్తం 12 వస్తుంది, పట్టుబడుతుంది. (−3 ± √3)/2కు −3, అదీ పట్టుబడుతుంది. కానీ (3 ± 2√3)/2కు మొత్తం 3 వస్తుంది! ± ఉన్న భాగం కూడికలో పోతుంది కాబట్టి అక్కడ జరిగిన తప్పు మొత్తంలో కనిపించదు. దాని లబ్ధం (9 − 12)/4, అంటే −3/4. కావాల్సింది 3/2. కాబట్టి రెండూ చూడాలని కీలో కారణంతో సహా రాశాం.

30 బై 40 సైటు

మాటల లెక్కల్లో పిల్లలకు ఒక అలవాటు బాగా పట్టుకుంది. రెండు మూలాలు వస్తే నెగటివ్‌ది కొట్టేయడం. వయసు, పొడవు, వేగం లెక్కల్లో అది కుదురుతుంది కాబట్టి అదే నియమం అనుకుంటారు. వరస పూర్ణాంకాల లబ్ధం 56 అన్నచోట కూడా −8, −7ను కొట్టేసి 7, 8 మాత్రమే రాసినవాళ్లు ఉన్నారు. లెక్కలో ధన పూర్ణాంకాలని లేదు.

ఈ అలవాటు పనిచేయని లెక్క ఒకటి కావాలనుకున్నాం. బెంగళూరులో ప్రతి ఇంట్లో వినపడే మాట తీసుకున్నాం. 30 బై 40 అడుగుల సైటు. నాలుగు వైపులా సమానంగా x అడుగులు వదిలి మధ్యలో ఇల్లు కట్టాలి. ఇంటికి మిగిలే స్థలం 600 చదరపు అడుగులు. x ఎంత?

(30 − 2x)(40 − 2x) = 600
4x² − 140x + 600 = 0
x² − 35x + 150 = 0
(x − 5)(x − 30) = 0

మూలాలు 5, 30. రెండూ పాజిటివే. 30 ఎందుకు కాదో చెప్పాలంటే సైటు దగ్గరికి వెళ్లాలి. 30 అడుగుల వెడల్పులో రెండువైపులా 30 అడుగులు వదిలితే ఇల్లే మిగలదు. ఇక్కడ ఇంకో చిక్కుంది. x = 30ను సమీకరణంలో పెడితే (−30)(−20) = 600, సరిగ్గానే సరిపోతుంది. రెండు నెగటివ్‌లు గుణిస్తే పాజిటివ్ కదా. అంటే సమీకరణంలో పెట్టి చూసుకోవడం కూడా ఇక్కడ పట్టుకోదు. కీలో అందుకే ఇలా రాశాం: 30 వచ్చినవాళ్లు ఇంటి పొడవు, వెడల్పు విడివిడిగా రాయండి.

ఇంకో తప్పు, ఒక్కవైపే వదిలినట్టు (30 − x)(40 − x) = 600 రాయడం. అప్పుడు x² − 70x + 600 = 0, మూలాలు 10, 60. చక్కటి పూర్ణాంకాలు, 60 కుదరదని కొట్టేస్తారు, 10 అని ధైర్యంగా రాస్తారు. "10 వచ్చిందా? అది రెండువైపులా కలిపి వదిలింది. బొమ్మ గీసి ఒక్కో వైపు x రాయి" అని కీలో ఉంటుంది. అంకెలు ఏవైనా ఈ తప్పులో వచ్చే జవాబు సరైనదానికి ఎప్పుడూ రెట్టింపే, కాబట్టి ఈ లెక్క అంకెలు మార్చినా ఆ సూచన మార్చక్కర్లేదు.

జవాబు సరైనా చూడాల్సిన లైను

3x² = 12x లెక్కలో xతో భాగించేసి 4 ఒక్కటే రాసేవాళ్లు చాలామంది. 0 పోతుంది. తప్పు జవాబు బయటికే కనిపిస్తుంది కాబట్టి కీకి ఇబ్బంది లేదు. కానీ అదే తప్పు ఇంకో చోట దాక్కుంటుంది: kx² − 2kx + 6 = 0కు సమాన మూలాలుంటే k ఎంత? విచక్షణి 4k² − 24k = 0. 4k(k − 6) = 0 కాబట్టి k = 0 లేదా 6. k = 0 అయితే సమీకరణం 6 = 0 అవుతుంది, అది వర్గ సమీకరణమే కాదు. కాబట్టి 6. kతో భాగించేసిన పిల్లవాడికి కూడా 6 వస్తుంది. కీలో దీనికి తప్పు జవాబు పేరుతో సూచన రాయలేం. దిద్దేవాళ్ల కోసం ఒక గుర్తు పెట్టాం: k = 0ను ఎందుకు వదిలారో ఒక లైను ఉంటేనే పూర్తి మార్కులు.

భాష సంగతి

ఈ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, స్కూల్లో ఇంగ్లిష్‌లో రాస్తారు, తెలుగు లిపి చదవడం చాలామందికి రాదు. అమ్మానాన్నలకు వచ్చు. సాధన మొత్తం ఇంగ్లిష్‌లోనే పెట్టాం, పరీక్షలో రాయాల్సింది అదే కాబట్టి. తప్పుల సూచనలు తెలుగులో, విడి కాగితంపై రాసి తల్లిదండ్రులకు ఇచ్చాం. "17, 19 వచ్చిందా?" అని అమ్మ చదివి అడిగితే, అలా అడగడానికి ఆమెకు లెక్క రావక్కర్లేదు. పిల్లవాడు తన నోట్సు తీసి చూపించాల్సి వస్తుంది. ఒకే ఇంట్లో కీ రెండు ముక్కలుగా ఉండటం వల్ల సాధనను చూసి ఎక్కించడం కూడా తగ్గింది.

ఏం మారింది, ఏం మారలేదు

కీని ముందు దిద్దే అమ్మాయి మీదే పరీక్షించాం. పాత నోట్సుల్లోని తప్పు జవాబులు మాత్రం చూపించి, సాధన దాచి, తప్పు ఏ లైనులో జరిగి ఉంటుందో కీ చూసి చెప్పమన్నాం. తర్వాత సాధన తీసి సరిచూశాం. కుదరనిచోట సూచన తిరగరాశాం. వాడకంలోకి వచ్చాక ఆమె ఎర్ర ఇంకుతో సరైన జవాబు రాయడం మానేసి, పిల్లవాడి తప్పు లైను కింద గీత మాత్రం గీస్తోంది. ఒక్కో కారణాంకాన్నీ అంకెకు సమానం చేయడం, మొత్తాన్ని భాగించకపోవడం, ఈ రెండూ తర్వాతి టెస్టుల్లో బాగా తగ్గాయని ఆంటీ చెప్పారు. కూడికల్లో, గుణకారాల్లో తొందరపాటుతో వచ్చే తప్పులు తగ్గలేదు. అవి ఏ జవాబు దగ్గరైనా తేలతాయి, వాటికి ముందుగా సూచన రాయడం సాధ్యం కాదు. అలాంటివాటికి కీలో ఒకటే మాట: నీ జవాబు ఇక్కడ లేకపోతే, మొత్తం, లబ్ధం చూసి మళ్లీ చెయ్యి.

ఒక్కో లెక్కకు మూడు సూచనలకు మించి పెట్టలేదు. ఎక్కువైతే పిల్లలు తమది వెతుక్కోకుండా అన్నీ చదవడం మొదలుపెడతారు, అప్పుడది మళ్లీ పాత చివరి పేజీలా అయిపోతుంది.

రెండో షీట్ తయారు చేస్తూ దిద్దే అమ్మాయి (x − 2)(x − 4) = 15లో 15 తీసేసి 3 పెట్టింది. చిన్న అంకె, తేలికని. సరైన మూలాలు 1, 5. తప్పు పద్ధతిలో చేస్తే x − 2 = 3 నుంచి 5, x − 4 = 3 నుంచి 7. ఒక మూలం కలిసిపోయింది. అలాంటప్పుడు పిల్లవాడు ఒకటి సరిపోయింది కదా, రెండోదానిలో ఎక్కడో చిన్న పొరపాటు అనుకుంటాడు, దిద్దేవాళ్లూ సగం మార్కు వేస్తారు. షీట్ ప్రింటుకు వెళ్లకముందే ఆమె ఆ తప్పు పద్ధతిలో ఒకసారి సాధించి చూసి తనే పట్టుకుంది. ఇప్పుడు అక్కడ 35 ఉంది: మూలాలు 9, −3. బ్రాకెట్లను 35కు సమానం చేస్తే 37, 39. సున్నా అనుకుంటే 2, 4. గుర్తు తప్పితే −9, 3. మూడు తప్పులూ ఒకదానితో ఒకటి కలవడం లేదు, సరైన జవాబులోని ఏ ఒక్క మూలంతోనూ కలవడం లేదు.